ధన్యవాదాల మెయిల్, జనవరి ఆఫర్: నిన్న కట్టినవారికి ఏం చెబుతాం?

గుంటూరులో ఒక మెడికల్ షాపు యజమానిని ఊహించుకోండి. ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ గడువు డిసెంబరు 20తో తీరుతుంది. సంస్థవాళ్లు గుర్తుచేయగానే ఏడాది చందా 6,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్‌టీ 1,080, మొత్తం 7,080 కట్టేశాడు. మూడు రోజులకు అదే సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ఏడాది పొడవునా మాతో ఉన్నందుకు ధన్యవాదాలు, జనవరి 1 నుంచి 20 శాతం తగ్గింపు ఇవ్వబోతున్నాం అని దాని సారాంశం. ఆయన కౌంటర్ మీదే లెక్క వేసుకున్నాడు. పన్నెండు రోజులు ఆగి ఉంటే 4,800, పన్నుతో 5,664. అంటే అడిగిన వెంటనే కట్టినందుకు 1,416 రూపాయలు నష్టం. ఫోన్ తీసి అడిగాడు: "ఏమండీ, గడువు దాటకుండా కట్టింది నేను. తగ్గింపేమో ఆలస్యం చేసినవాళ్లకా?"

ఈ ప్రశ్నకు సపోర్ట్‌లో కూర్చున్న అమ్మాయి దగ్గర జవాబు ఉండదు. ఎందుకంటే మెయిల్ రాసినవాళ్లు కూడా ఆ జవాబు ఆలోచించలేదు. షాపాయనా, సంస్థా రెండూ ఊహించినవే అయినా ఈ చిక్కు మాత్రం నిజమైనదే. సబ్‌స్క్రిప్షన్ మీద నడిచే ఏ సంస్థకైనా డిసెంబరులో ఇది ఎదురవుతుంది. దీన్ని విప్పుకుంటూ వెళితే మెయిల్ ఎలా రాయాలో దానంతటదే తేలుతుంది.

ధన్యవాదాలు చెబితే కోపం ఎందుకు వచ్చింది?

దుకాణంలో చొక్కా కొన్నాక మర్నాడు దాని ధర తగ్గితే కాస్త బాధపడి ఊరుకుంటాం. ఆ కొనుగోలు అక్కడితో అయిపోయింది. సబ్‌స్క్రిప్షన్ అలాంటిది కాదు. ఖాతాదారులు అందరూ ఒకే సరుకును ఏడాదికోసారి, ఎవరి తేదీన వాళ్లు కొంటారు. ఒకరి గడువు మే 3, ఇంకొకరిది డిసెంబరు 20, మరొకరిది జనవరి 5. ఆఫర్‌కేమో అందరికీ ఒకటే తేదీ. అందువల్ల జనవరి 1న ఏ తగ్గింపు ప్రకటించినా, దానికి కాస్త ముందు కట్టినవాళ్లు కొందరు తప్పకుండా ఉంటారు. వాళ్లు చేసిన తప్పల్లా వేళకు కట్టడమే.

మెయిల్‌లో ఆఫర్ ఒక్కటే ఉండి ఉంటే ఆయన ఇంత నొచ్చుకునేవాడు కాదేమో. 'మీరు మాకు ఎంతో ముఖ్యం' అన్న మాట పక్కనే నష్టం లెక్క కనబడింది. అప్పుడు ఆ మాట వట్టి మర్యాదగా తేలిపోయింది.

అయితే ఆఫర్ సంగతి ముందుగా చెప్పకుండా జనవరి 1నే ప్రకటిస్తే పోదా?

అప్పుడు చిక్కు ఇంకా పెరుగుతుంది. డిసెంబరు 30న కట్టినాయనకు రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. తెలిసీ చెప్పలేదన్న నింద కూడా మీద పడుతుంది.

ముందుగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఒకే యజమానికి మూడు నాలుగు షాపులుంటే డబ్బు మాట ఆయన ఒక్కడే తేల్చడు. అకౌంటెంట్‌ను అడగాలి, అన్నదమ్ములతో అనుకోవాలి. అందుకు వారం పది రోజులు పడుతుంది. పైగా కొత్తవారికి చెప్పేముందే పాతవారికి చెప్పడం మర్యాద. ఏడాదిగా వాడుతున్న మనిషికి ఆ కబురు ప్రకటనల్లో చూసి తెలియకూడదు.

ముందుగా చెబితే వచ్చే నష్టం ఒకటుంది. డిసెంబరు చివర్లో కట్టాల్సినవాళ్లు జనవరి దాకా ఆగుతారు. కార్డు మీదో యూపీఐ మీదో ఆటోపే పెట్టుకున్నవాళ్లు దాన్ని రద్దు చేస్తారు. వీరి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి ఆటో చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. 29న డెబిట్ కావలసిన మనిషికి 23న మీ ఆఫర్ మెయిల్, 28న 7,080 డెబిట్ అవుతుందన్న మెసేజ్, రెండూ వరసగా అందుతాయి. రెండో మెసేజ్‌లోనే ఆపుకునే దారి కూడా ఉంటుంది. ఆయన ఏం చేస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు.

ముందే కట్టినవారికి ఎంత ఇస్తే సరిపోతుంది?

ముందుగా తోచేది తేడా డబ్బు వెనక్కి ఇవ్వడం. కానీ ఇన్వాయిస్ ఇప్పటికే వెళ్లిపోయింది. ధర తగ్గించాలంటే క్రెడిట్ నోట్ ఇవ్వాలి. అది సంస్థ రిటర్న్‌లో కనబడాలి. షాపాయన ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుని ఉంటే ఆయన కూడా సరిచేసుకోవాలి. 216 రూపాయల పన్ను కోసం రెండు వైపులా అకౌంటెంట్లకు పని.

దీనికన్నా తేలికైన దారి నెలల లెక్కలో ఉంది. 6,000 బదులు 4,800కు 12 నెలలు ఇస్తే నెలకు 400 పడుతుంది. అదే 6,000కు 15 నెలలు ఇచ్చినా నెలకు 400 పడుతుంది. అంటే 20 శాతం తగ్గింపు, మూడు నెలలు అదనం, రెండూ ఒకటే. పూర్తి ధర కట్టినాయనకు గడువు మూడు నెలలు జరిపితే ఎవరికీ అన్యాయం జరగదు. ఇన్వాయిస్ మార్చే పని ఉండదు.

ఇక్కడిదాకా వచ్చాక ఒక ప్రశ్న రావాలి. అసలు ఆఫర్‌నే అందరికీ ఈ రూపంలో ఇస్తే? 12 నెలల ధరకు 15 నెలలు. నా ఓటు దీనికే. కారణం వచ్చే ఏడాదిలో ఉంది. ఈసారి 4,800 కట్టిన మనిషికి వచ్చేసారి బిల్లు 6,000 వస్తుంది. మీకది పాత ధరే. ఆయనకు మాత్రం ఒక్కసారిగా పావు వంతు పెరిగిన ధర. మళ్లీ తగ్గింపు ఇస్తారా అని బేరం మొదలవుతుంది. నెలలు కలిపి ఇస్తే బిల్లు ఎప్పుడూ 6,000 దగ్గరే నిలుస్తుంది. ఆటోపే మొత్తం కూడా మార్చనక్కర్లేదు. కొన్ని ఆటోపేలలో మొత్తం స్థిరంగా ఉంటుంది, దాన్ని తగ్గించాలన్నా ఖాతాదారు మళ్లీ అనుమతి ఇవ్వాల్సిందే. ఆ బాధ తప్పుతుంది.

దీనికీ ఓ పరిమితి ఉంది. చేతిలో డబ్బు తక్కువున్న చిన్న షాపుకు మూడు నెలలు అదనం అన్నదానికన్నా 1,416 తక్కువ కట్టడమే ఇష్టం కావచ్చు. సంస్థకూ వచ్చే చెల్లింపు మూడు నెలలు వెనక్కి పోతుంది. ఆ మూడు నెలల జీతాలు, సర్వర్ అద్దె ఎక్కడి నుంచి వస్తాయో ముందే చూసుకోవాలి. అది కుదరకపోతే రెండు నెలలే ఇవ్వండి. ఎన్ని నెలలు ఇచ్చినా, ముందు కట్టినవారికీ తర్వాత కట్టేవారికీ అన్నే ఇవ్వాలి.

అందరికీ ఒకే మెయిల్ పంపవచ్చా?

ఆఫర్ ఒకటే అయినా మెయిల్ ఒకటే కాకూడదు. సంస్థకు 1,200 మంది ఖాతాదారులున్నారనుకుందాం. పంపేముందు ఆ జాబితాను గడువు తేదీ ప్రకారం విడదీయాలి.

మొదటి గుంపు నవంబరు 1 నుంచి కట్టినవాళ్లు, డిసెంబరు 31లోపు కట్టాల్సినవాళ్లు. 190 మంది ఉన్నారనుకోండి. వీళ్లలో ఇప్పటికే కట్టినవారికి మెయిల్ వెళ్లేసరికి మూడు నెలలు కలిపేసి ఉండాలి. 'కలుపుతాం' అని రాయకూడదు, 'కలిపాం' అని రాసి కొత్త గడువు తేదీ చూపాలి. ఇంకా కట్టనివారికి 'ఆటోపే ఆపనక్కర్లేదు, 29న కట్టినా 15 నెలలే' అని ఒక్క వాక్యం చేర్చాలి. ఆ వాక్యంతో ఆగి చూద్దామనే ఆలోచనకు పని ఉండదు.

రెండో గుంపు జనవరిలో గడువున్నవాళ్లు, 110 మంది. ఆఫర్ సూటిగా వీళ్లకే. వీళ్లకు ధర, తేదీ, కట్టే దారి చెబితే చాలు.

మూడో గుంపు ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా గడువున్నవాళ్లు, 860 మంది. వీళ్లకు తట్టే ప్రశ్న ఒక్కటే: "నాకింకా నాలుగు నెలలుంది, ఇప్పుడు కడితే అవి పోతాయా?" పోవు, పాత గడువు తీరిన రోజు నుంచే కొత్త 15 నెలలు మొదలవుతాయి అని రాయాలి. రాయడమే కాదు, సాఫ్ట్‌వేర్ నిజంగా అలా లెక్కిస్తోందో లేదో ఒక పరీక్ష ఖాతాలో కట్టి చూసుకోవాలి. చాలాచోట్ల కట్టిన రోజు నుంచే కొత్త గడువు లెక్కించేలా రాసి ఉంటుంది. మెయిల్ ఒకటి చెప్పి ఖాతా ఇంకొకటి చూపిస్తే ఫోన్లు ఆగవు.

మిగిలిన 40 మందికి ఏదో ఒక ఫిర్యాదు ఇంకా తేలలేదు. వీళ్లకు ఈ మెయిల్ పంపకండి. స్టాకు లెక్క తప్పు వస్తోందని వారం నుంచి చెబుతున్న మనిషికి ధన్యవాదాలు, ఆఫర్ కలిపి వెళితే పుండు మీద కారం చల్లినట్టే. ముందు ఆ పని పూర్తిచేసి, ఫోన్‌లో మాట్లాడి, తర్వాత చెప్పండి.

నవంబరు 1 అన్న గీత దగ్గర కూడా పేచీ వస్తుంది. అక్టోబరు 30న కట్టినాయన ఫోన్ చేస్తాడు. గీత ఎక్కడ గీసినా దానికి అవతల ఒకరుంటారు. అందుకే అలా అడిగినవారికి ఎవరినీ అడక్కుండా మూడు నెలలు కలిపే అధికారం సపోర్ట్ వాళ్లకు ముందే ఇచ్చి పెట్టాలి.

దేనికి ధన్యవాదాలు చెప్పాలి?

'మాపై మీ నమ్మకానికి' అని రాస్తే ఎవరికీ ఏమీ గుర్తురాదు. ఆ ఏడాది ఇద్దరికీ గుర్తున్న ఒక సంగతి పట్టుకోవాలి. 2025లో మందుల షాపులకు అలాంటిది ఉంది. సెప్టెంబరు 22న జీఎస్‌టీ కొత్త రేట్లు అమల్లోకి వచ్చాయి. చాలా మందుల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ముందు రోజు దాకా ఒక రేటు, తెల్లారేసరికి ఇంకో రేటు. అరల నిండా పాత ధర ముద్రించిన సరుకు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకూ, కౌంటర్‌లో నిలబడ్డవాళ్లకూ ఆ వారం ఒకేలా గడిచింది. ధన్యవాదాలు అక్కడి నుంచి మొదలుపెడితే చదివే మనిషి తల ఊపుతాడు.

ఇంకో పద్ధతి ఈమధ్య బాగా కనిపిస్తోంది. 'ఈ ఏడాది మీరు ఇన్ని బిల్లులు వేశారు, ఇంత అమ్మారు' అని ఖాతాదారు లెక్కలే ఆయనకు చూపించడం. పాటలు వినే యాప్‌లో అది సరదాగా ఉంటుంది. వ్యాపార లెక్కల విషయంలో జాగ్రత్త. తన అమ్మకం మొత్తం సంస్థవాళ్లు రాసిన మెయిల్‌లో కనబడితే షాపాయనకు మురిపెం కలగదు, 'నా లెక్కలు వీళ్లు చూస్తున్నారా' అన్న అనుమానం కలుగుతుంది. పైగా ఆ మెయిల్ షాపులో పనిచేసే కుర్రాడి ఫోన్‌లో కూడా తెరుచుకోవచ్చు. అలాంటి లెక్కలు లాగిన్ అయ్యాక లోపల చూపించండి, మెయిల్‌లో వద్దు.

రాసి చూపిస్తే ఎలా ఉంటుంది?

డిసెంబరు 20న కట్టిన మన గుంటూరు ఆయనకు వెళ్లే మెయిల్ ఇలా ఉండవచ్చు. సబ్జెక్ట్ లైన్: 'ధన్యవాదాలు. జనవరి ఆఫర్ మీకు ఇప్పుడే వర్తించింది'.

> నమస్కారమండీ,
>
> సెప్టెంబరు 22న మందుల జీఎస్‌టీ రేట్లు మారినప్పుడు మా అప్‌డేట్‌ను ఆ వారంలోనే రెండుసార్లు సరిదిద్దాల్సి వచ్చింది. కౌంటర్ ముందు జనం ఉండగా మీరు ఓపిక పట్టారు. తప్పు ఎక్కడ వస్తోందో ఫోన్ చేసి చెప్పారు. మీలాంటివారు చెప్పబట్టే అది త్వరగా దొరికింది. మా అందరి తరఫున ధన్యవాదాలు.
>
> ఇంకో కబురు. జనవరి 1 నుంచి 31 వరకు ఏడాది చందా కట్టేవారికి 12 నెలల ధరకే 15 నెలలు ఇవ్వబోతున్నాం. ధర మారదు: 6,000, జీఎస్‌టీతో 7,080. మీరు డిసెంబరులోనే కట్టారు కనుక ఆ మూడు నెలలు మీ ఖాతాలో ఇప్పటికే కలిపాం. మీ గడువు 2026 డిసెంబరు 20 బదులు 2027 మార్చి 20. మీరు చేయాల్సింది ఏమీ లేదు.
>
> ఏదైనా అడగాలంటే ఈ మెయిల్‌కే జవాబు రాయండి. మేం చదువుతాం.

ఇందులో కొన్ని చిన్న విషయాలు గమనించండి. ధన్యవాదాల పేరాలో ఆఫర్ ఊసు లేదు. ఆ పేరా ఒక్కటే చదివి మూసేసినా ఉత్తరం పూర్తయినట్టే ఉంటుంది. సబ్జెక్ట్ లైన్ మాత్రం ఆఫర్ ఉందని దాచలేదు. వట్టి ధన్యవాదాలని తెరిపించి లోపల అమ్మకం పెడితే చదివేవారికి మోసపోయినట్టు ఉంటుంది. ధర పన్నుతో, పన్ను లేకుండా రెండూ ఇచ్చాం. ఎందుకంటే కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న షాపుకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. దానికి అసలు ధర 7,080.

'జనవరి 31 వరకు' అన్నామంటే 31తో ఆగాలి. ఫిబ్రవరి 1న 'మీ కోరికపై మరో వారం' అని పొడిగిస్తే మొదటి గడువు బూటకమని తేలుతుంది. లేని తొందర పుట్టించడం, అంటే ఉత్తుత్తి గడువులు పెట్టడం, 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల్లోని పదమూడు డార్క్ ప్యాటర్న్‌లలో ఒకటి కూడా.

ఎప్పుడు పంపాలి?

ఖాతాదారు పని క్యాలెండర్ చూసి. నెలనెలా రిటర్న్ వేసే షాపులకు జీఎస్‌టీఆర్-1కు 11వ తేదీ, 3బికి 20వ తేదీ గడువు. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ సంస్థ నుంచి ఏ మెయిల్ వచ్చినా ఏదో లోపం గురించేమో అనుకుంటారు. 25 క్రిస్మస్. 2025 డిసెంబరు 23 మంగళవారం కాబట్టి ఆ రోజు బాగుంటుంది. ఆఫర్ జనవరి నెలంతా పెట్టడానికీ ఇదే కారణం. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి వచ్చి, 20న రిటర్న్ వేసుకుని, తీరిగ్గా కట్టడానికి పది రోజులు మిగులుతాయి.

మెయిల్ స్పామ్‌లోకి ఎందుకు పోతుంది?

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు గట్టిపడ్డాయి. మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డుల్లో కనీసం ఒకటి ఉండాలి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు మించి పంపేవారు ఆ రెండింటితో పాటు డీమార్క్ కూడా పెట్టాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలు ఇవ్వాలి. 1,200 మందికి పంపేవారికి ఆ చివరి రెండూ తప్పనిసరి కాదు. అయినా పెట్టండి. ఒక్క నొక్కుతో మానుకునే వీలుకు హెడర్‌లో రెండు వరసలు చాలు:

```
List-Unsubscribe: <https://example.com/u/8f3k>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

ఇది ఎందుకంటే, మానుకునే దారి దొరకని మనిషి స్పామ్ బటన్ నొక్కుతాడు. ఆ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, 0.1 శాతం లోపే ఉంచుకోమని గూగుల్ చెబుతుంది. 1,200 మందిలో 0.3 శాతం అంటే నలుగురు కూడా కాదు. నలుగురికి ఒళ్లు మండితే మిగిలినవారికి వెళ్లాల్సిన ఇన్వాయిస్‌లు కూడా స్పామ్‌లో పడవచ్చు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎంతమంది తెరిచారన్న అంకెను నమ్మకండి. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన రక్షణ వల్ల చదవకపోయినా చిత్రాలు ముందే దిగిపోతాయి, తెరిచినట్టు లెక్కపడుతుంది. దానికి బదులు మూడు చూడండి. డిసెంబరు 23 నుంచి 31 మధ్య రద్దయిన ఆటోపేలు నిరుడు అదే వారంతో పోలిస్తే పెరిగాయా? పెరిగితే 'ఆపనక్కర్లేదు' అన్న వాక్యం వాళ్లకు కనబడలేదని అర్థం. మెయిల్‌కు జవాబులు వచ్చాయా, వాటిలో సెప్టెంబరు మాట ఉందా? ఉంటే ధన్యవాదాలు చేరాయి. సపోర్ట్‌కు వచ్చిన ఫోన్లలో 'నాకెందుకు లేదు' అన్నవి ఎన్ని? అవి పదికి మించితే జాబితా విడదీయడంలో ఎక్కడో పొరపాటు జరిగింది.

పంపే మీట నొక్కేముందు మాత్రం ఒక పని చేయండి. జాబితాలో అందరికన్నా ఆఖరున, నిన్ననో మొన్ననో డబ్బు కట్టిన ఖాతాదారు ఎవరో వెతకండి. ఆయనకు వెళ్లబోయే మెయిల్ తెరిచి పైకి చదవండి. అందులో ఆయన కొత్త గడువు తేదీ కనబడకపోతే, ఆ మెయిల్ ఇంకా పంపడానికి సిద్ధం కాలేదు.